అందరూ దిగేశారట

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పక్కన గోడకు ఎర్రరంగు పలక ఒకటి బిగించి ఉంటుంది. నిప్పు అంటుకుంటే లిఫ్టు వాడకూడదనీ, మెట్ల మీదుగా దిగాలనీ కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ రాసి, కింద పరుగెత్తుతున్న మనిషి బొమ్మ వేశారు. ఆ బొమ్మకు రెండు కాళ్లూ భేషుగ్గా ఉంటాయి. నా ఎడమకాలు నాకు ఊహ తెలియకముందే పోలియోతో చచ్చుబడింది. ఇనుపపట్టీల బూటు తొడుక్కుని, చంకలో కర్ర పెట్టుకుని నడుస్తాను. చదువుకున్నాను, పెళ్లి చేసుకున్నాను, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మెట్లు మాత్రం దిగలేను. ఉండేది పన్నెండో అంతస్తులో.

ఈ ఫ్లాటు కొనేటప్పుడు ఆ సంగతి అడిగితే అమ్మేవాడు నవ్వాడు. మూడు లిఫ్టులున్నాయి, కరెంటు పోతే జనరేటరుంది, ఇంకేం కావాలన్నాడు. మా ఆయనకు బెంగుళూరులో ఈ వైట్‌ఫీల్డ్ వైపు గాలి నచ్చింది, నాకు తూర్పు బాల్కనీ నచ్చింది. కొనేశాం. చేరిన మొదటి వారంలోనే ఆ ఎర్రపలక ముందు నిలబడి మా ఆయనను అడిగాను.

"లిఫ్టు వాడొద్దంటున్నాడు. అట్లాంటి రోజొస్తే నేనేం చేయాల?"

"నేను భుజాన వేసుకుని దింపుతాలే."

ఆయన మెడనొప్పికి బెల్టు కట్టుకుని తిరుగుతున్న రోజులవి. పాలప్యాకెట్ల సంచి మోస్తేనే రాత్రికి నూనె రాయమనేవారు. "ముందు నీ తల నువ్వు మొయ్యి," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది మా ఆయన కాదు. ఆ ప్రశ్న ఎవరిని అడిగినా, అచ్చం మాలాగే నవ్వి ఊరుకున్నారు.

సంఘం మీటింగులో ఓసారి లేచి అడిగాను. మా సంఘం అధ్యక్షుడు గుంటూరు వైపు అబ్బాయి, పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం. మర్యాదస్తుడే. ఆ రోజు చర్చంతా వినాయకచవితి పందిరి గురించి నడుస్తోంది. నేను మెట్ల గురించీ, నడవలేనివాళ్లను దింపే ఏర్పాటు గురించీ ఎత్తగానే గదిలో వాతావరణం మారిపోయింది. పెళ్లి భోజనంలో శ్రాద్ధం మాటెత్తినట్టు నా వంక చూశారు.

"మేడమ్, టెన్షన్ పడకండి. మన బిల్డింగ్‌కి ఫైర్ వాళ్ల క్లియరెన్స్ ఉందండి. అయినా శుభమా అని పండగ ప్లానింగ్ చేసుకుంటుంటే ఇప్పుడెందుకండి ఇదంతా? నెగటివ్‌గా ఆలోచించకండి."

వెనకనుంచి ఎవరో "తథాస్తు దేవతలుంటారు, అట్లాంటి మాటలనకూడదు" అన్నారు. చాలామంది తలలూపారు. నిప్పు గురించి మాట్లాడకపోతే నిప్పు రాదు. ఇదీ మా అగ్నిమాపక ప్రణాళిక. చదువుకున్నవాళ్లం, కంప్యూటర్లకు ఏ జబ్బు ఎప్పుడొస్తుందో ముందే లెక్కవేసి జీతాలు తీసుకునేవాళ్లం, సొంత ఇంటి దగ్గరకొచ్చేసరికి తథాస్తు దేవతల చాటున దాక్కున్నాం.

ఆ పందిరి సామాను ఎక్కడ పెడతారో కూడా చెప్పాలి. ఎత్తయిన భవనాలన్నిటికీ మధ్యమధ్య అంతస్తుల్లో బయటిగోడ వైపు తెరిచి ఉండే ఖాళీజాగా ఒకటి వదలాలని నియమం. మెట్లు దిగలేనివాళ్లు, పొగలో చిక్కుకున్నవాళ్లు అక్కడికి చేరి, అగ్నిమాపకదళం వచ్చేదాకా గాలి పీల్చుకుంటూ ఆగడానికి. శరణుకోసం వదిలిన జాగా అది. మా భవనంలో ఆ జాగా మా అంతస్తుకు ఒక్క అంతస్తు కింద ఉంది. అంటే నాలాంటిదానికోసమే కట్టినట్టు ఉంది. దాన్నిండా ప్లైవుడ్ చెక్కలు, థర్మోకోల్ మకుటాలు, జరీ పరదాలు, రెండేళ్లనాటి సీరియల్ లైట్లు. పావురాలు వస్తున్నాయని ఇనుపజాలీ బిగించి, సామాను పోతుందని తాళం వేశారు. ఏడాదికి ఓసారి దేవుడికోసం తెరుస్తారు.

ఇక మా అంతస్తు సంగతి. మా ఎదురింటావిడ తరతరాలుగా బెంగుళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం మనిషి. మంచి మనసు. ఓళిగలు, అదే బొబ్బట్లు, చేస్తే మొదటి వాయి మా ఇంటికే వస్తుంది. పాతింటిని అమ్మేసి ఫ్లాటుకు వచ్చేటప్పుడు అవ్వకాలంనాటి రుబ్బురోలు వదల్లేక వెంట తెచ్చుకుంది. రోలు బాల్కనీలో తులసికుండీకి పీట అయింది. పొత్రం ఎక్కడ పెట్టాలో తెలియక, మెట్లదారి తలుపుకు అడ్డం పెట్టింది. ఆ తలుపు బరువైనది, వదిలితే తనంతట తానే మూసుకునేది. మంటనూ పొగనూ కాసేపు అడ్డుకునేలా తయారుచేసిన తలుపది. ఆ పొత్రం పుణ్యాన అది మేం చేరినప్పటినుంచీ బార్లా తెరిచే ఉంది.

"ఆ రాయి తీసేయమ్మా, ఆ తలుపు మూసుండాల," అన్నాను చాలాసార్లు.

"గాలాడాల కదక్కా! మూస్తే వరండాలో ఉడికిపోతాము. అదీగాక అది దబీదబీమని కొట్టుకుంటా ఉండాది, పిల్లోళ్లు వేళ్లు నలుపుకుంటారు."

"అది గాలికోసం పెట్టిండే తలుపు కాదు. పొగ మెట్లలోకి పోకుండా పెట్టిండేది."

"పొగ ఏడనుంచి వస్తాదక్కా ఇక్కడ? కట్టెలపొయ్యి ఎవురింట్లో ఉండాది చెప్పు?" అని నవ్వి, ఇంకో రెండు ఓళిగలు పెట్టిపోయేది. నోటినిండా తీపి ఉన్నప్పుడు మనిషి గట్టిగా మాట్లాడలేడు.

నిజానికి మా భవనంలో పొగకు కొదవేం లేదు. నెలకు నాలుగు గృహప్రవేశాలు. పాతవాళ్లు అమ్ముకుని పోతుంటారు, కొత్తవాళ్లు కొనుక్కుని వస్తుంటారు, అద్దెకు వచ్చేవాళ్లు కూడా గణపతిహోమం చేయకుండా పాలు పొంగించరు. వీధితలుపు తీసిపెట్టి, హాలు మధ్యలో హోమకుండం పెట్టి, నెయ్యి ధారలుగా పోస్తే, ఆ పొగంతా వరండాలోకి వస్తుంది. వరండా కప్పుకు పొగను పసిగట్టే యంత్రాలున్నాయి. అవి తమ పని తాము చేస్తాయి. హారను ఊళ కొడుతుంది, చంటిపిల్లలు ఏడుస్తారు, పురోహితుడు మంత్రం మధ్యలో ఆగిపోతాడు, పెద్దవాళ్లు అపశకునం అంటారు. దానికి మావాళ్లు కనిపెట్టిన విరుగుడు ఏమిటంటే, ముందురోజు సాయంత్రమే సెక్యూరిటీకి ఫోన్ చేసి "రేపు పూజ ఉంది, అలారం ఆపెయ్యండి" అనడం. గేటు దగ్గర గదిలో ఉన్న ప్యానెల్ బోర్డులో మీట నొక్కితే భవనం మొత్తానికీ నోరు పడిపోతుంది. పూజ అయ్యాక మళ్లీ ఎవరు నొక్కాలో ఎవరూ చెప్పరు. ఫోన్ చేయడం మరిచినవాళ్లు మిఠాయిడబ్బా ప్లాస్టిక్ మూతను ఆ యంత్రానికి తొడిగి రబ్బరుబ్యాండు వేస్తారు. అగ్నికి ఆహుతులు వేసి నమస్కారం పెట్టేవాళ్లే, అగ్ని వచ్చిందని చెప్పే గొంతును నొక్కేస్తున్నారు. నాకు దేవుడంటే భక్తే. మా గృహప్రవేశానికీ హోమం చేశాం, హారను మోగింది, మోగనిచ్చాం. అది మోగుతుంటే పురోహితుడు ఇంకాస్త గొంతు పెంచాడు, అంతే. స్వామివారేం కోపగించుకోలేదు.

అసలు సంగతి జరిగిన రోజు మా ఆయన మదనపల్లెలో బంధువుల పెళ్లికి వెళ్లారు. పెళ్లిమండపానికి మెట్లెక్కాలని నేను వెళ్లలేదు. పొద్దున టిఫిను తిని, పేపరు చూస్తుండగా ఏదో కాలుతున్న వాసన వచ్చింది. వీధితలుపు తీశాను. వరండాలో పల్చగా పొగ. ఎదురింటావిడ కూడా తలుపు తీసి చూస్తోంది.

"తొమ్మిదో అంతస్తులో గృహప్రవేశమక్కా. నెయ్యి బాగా పోసినట్టుండారు. తలుపేసుకో, కండ్లు మండుతాయి," అని తలుపు వేసుకుంది.

నాకు నమ్మకం కుదరలేదు. నెయ్యి కాలిన వాసన నాకు తెలుసు, సమిధల వాసన తెలుసు. ఇది ప్లాస్టిక్ కాలుతున్న కంపు. హారను మోగలేదు. మోగదు కదా, ముందురోజే దాని నోరు నొక్కారు. కింద సెక్యూరిటీకి ఫోన్ చేశాను. "హోమ మేడమ్, ఏనూ ఇల్ల" అన్నాడు వాడు కన్నడంలో, ఏమీ లేదని. "హోమం వాసన కాదిది, వెళ్లి చూడు" అని అరిచాను. అంతలోనే కరెంటు పోయింది. జనరేటరు రాలేదు. లిఫ్టు తలుపుమీద వెలిగే అంకె ఆరిపోయింది.

మళ్లీ తలుపు తీసేసరికి వరండా కప్పంతా నల్లగా ఉంది. పొగ లిఫ్టు పక్కనున్న సన్నటి చెక్కతలుపు సందుల్లోంచి వస్తోంది. కింది అంతస్తునుంచి పైదాకా కరెంటు తీగలు వెళ్లే గూడు అది. తర్వాత తెలిసింది, ఏడో అంతస్తులో ఆ గూటిలో తీగలు వేడెక్కి అంటుకున్నాయి. ఊడ్చేవాళ్ల చీపుర్లు, రంగు డబ్బాలు, పాత పేపర్లకట్టలు ఆ గూట్లోనే దాచుకోవడం మా భవనం ఆచారం. అంతస్తు అంతస్తుకూ మధ్య తీగల చుట్టూ ఉన్న కంతల్ని నిప్పుకు తట్టుకునే పదార్థంతో మూసి ఉంచాలి. ఇంటర్నెట్ తీగ లాగడానికి వచ్చిన ప్రతివాడూ ఆ పూత పగలగొట్టి పోయాడు, మళ్లీ పూసినవాడు లేడు. దాంతో గూడు పొగగొట్టమైంది. ఏడులో పుట్టిన పొగ మా అంతస్తులో తేలింది. మా అంతస్తులో మెట్లదారి తలుపు పొత్రం పుణ్యాన తెరిచి ఉంది కాబట్టి, నేరుగా మెట్లలోకి పోయి పైకి ఎక్కింది.

అప్పుడు అరుపులు మొదలయ్యాయి. పైఅంతస్తులవాళ్లు పొగలో దగ్గుతూ దిగుతున్నారు. ఎదురింటావిడ, వాళ్లాయన ముక్కుకు తువ్వాలు కట్టుకుని మా తలుపు ముందునుంచే పరుగెత్తారు. నేను తలుపు సందులోంచి పిలిచాను. వినబడలేదో, విని ఆగలేదో నాకు తెలియదు, ఆమెను ఎప్పుడూ అడగలేదు. భవనానికి ఆ చివర ఇంకో మెట్లదారి ఉంది. అందులో పొగ లేదు. అటు వెళ్లినవాళ్లు కిందిదాకా దిగి చూస్తే బయటి తలుపుకు తాళం. సైకిళ్లు పోతున్నాయని వేశారట. తాళంచెవి ఉన్న మనిషి టీకి వెళ్లాడట. గోరుచుట్టు మీద రోకటిపోటు. లోపలినుంచి జనం తలుపు బాదుతుంటే, ఎవరో రాయి తెచ్చి బయటినుంచి తాళం పగలగొట్టారు.

నేను తలుపు మూసేశాను. భయమేసింది. అయినా ఏం చేయాలో నాకు తెలుసు. ఇన్నేళ్లుగా నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పకపోతే నేనే చదివి నేర్చుకున్నాను. మెట్లు పొగతో నిండితే మెట్లలోకి పోకూడదు, ఇంటినే కోట చేసుకోవాలి. స్నానాలగదిలో బకెట్టులో దుప్పట్లు తడిపాను. కర్ర ఒక చేత్తో, బకెట్టు ఒక చేత్తో మోయలేను కాబట్టి నేలమీద కూర్చుని బకెట్టును తోసుకుంటూ జరిగాను. వీధితలుపు కింద సందులో తడిదుప్పటి కుక్కాను, పక్కసందుల్లో తడిచీరలు దూర్చాను. మధ్యగది తలుపు మూసుకుని తూర్పు బాల్కనీలోకి చేరాను. అక్కడికి పొగ రావడం లేదు, ఆ వైపు గాలి బాగుంది. అగ్నిమాపకదళానికి ఫోన్ చేసి ఏ భవనమో, ఏ అంతస్తో, ఏ వైపు బాల్కనీయో, నేను నడవలేననీ చెప్పాను. అవతలి గొంతు నిదానంగా ఉంది. లోపలే ఉండమనీ, తలుపు తెరవొద్దనీ, రంగుబట్ట ఏదైనా ఊపమనీ చెప్పింది. పెళ్లికని తీసి, కట్టుకోకుండా కుర్చీమీద వేసిన ఎర్రపట్టుచీర అందుకుని బాల్కనీ కమ్మీకి వేలాడగట్టాను.

కింద చూస్తే బ్యాడ్మింటన్ కోర్టు దగ్గర జనం చీమల్లా ఉన్నారు. చేతుల్లో ఫోన్లు. అందరూ ఏడో అంతస్తువైపు చూస్తున్నారు, వీడియోలు తీస్తున్నారు. తలెత్తి ఇంకాస్త పైకి చూసిన మనిషి లేడు. అప్పుడు నా ఫోను మోగింది. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు. అధ్యక్షుడి సందేశం: "అందరూ దిగేశారు. ఎవరీబడీ సేఫ్. థాంక్ గాడ్." కింద వరసగా దండాలు, పువ్వులు, దేవుడి బొమ్మలు.

ఆ మాట చదివినప్పుడు భయం పోయింది. దాని చోట వచ్చింది కోపం. నా జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. చిన్నప్పుడు బడిలో పరుగుపందేల రోజు నన్ను గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసినప్పుడు కూడా రాలేదు. నేను గ్రూపులో రాశాను: "నేను పన్నెండో అంతస్తు తూర్పు బాల్కనీలో ఉన్నాను. అందరిలో నన్ను కలపకండి."

చీమలన్నీ ఒక్కసారి తలెత్తాయి. దండాల బొమ్మలు ఆగిపోయాయి.

దళంవాళ్లు వచ్చారు. కరెంటు పూర్తిగా కట్ చేసి, గూట్లో నిప్పును ఆర్పి, మెట్ల కిటికీలు తెరిచి పొగను బయటికి పంపించారు. నాదాకా వచ్చి తలుపు కొట్టి, తామెవరో చెప్పి, లోపల పొగ ఉందా అని అడిగిన తర్వాతే తెరవమన్నారు. నన్ను మా డైనింగ్ కుర్చీలోనే కూర్చోబెట్టి, తాళ్లతో నడుముకు కట్టి, నలుగురు మోసుకుంటూ దింపారు. ప్రతి మలుపులో ఒక చెప్పులస్టాండు, ఒక పాత సైకిలు, ఒక ఫ్రిజ్ డబ్బా. ప్రతిదాని దగ్గరా కుర్చీ ఎత్తి వంచాల్సి వచ్చింది. పక్కకు వంగిన ప్రతిసారీ నేను కిందికి పడిపోతాననుకున్నాను.

కిందికి చేరగానే జనం చప్పట్లు కొట్టారు. అవును, చప్పట్లు. ఎవరికి కొట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. కుర్చీలోంచే అరిచాను. "చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్లను చూశాను గానీ, చప్పట్లు కొట్టేవాళ్లను ఇదే చూడటం!" చప్పట్లు ఆగాయి. ఎదురింటావిడ వచ్చి కాళ్ల దగ్గర కూలబడింది.

"నిన్ను మరిచిపోతి కదక్కా! ఆ పొగకు నాకు ఏమీ తోచకపాయె. నేనేం మనిషినక్కా!"

ఆమె చెయ్యి పట్టుకోవాలని ఉంది. పట్టుకోలేదు. అంతలో దళం అధికారి ఆ పొత్రాన్ని చంకన పెట్టుకుని దిగివచ్చి, ఇది ఎవరిదని అడిగాడు. "మాదే సార్, మా అవ్వది," అంది ఆమె, ఏడుస్తూనే. ఆయన దాన్ని ఆమె ముందు జాగ్రత్తగా దించి, ఆ తలుపు మూసి ఉండుంటే మెట్లలో పొగ ఉండేది కాదని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే పెళ్లి వదిలేసి వచ్చిన మా ఆయన, ఇల్లు అమ్మేద్దాం అన్నారు. గ్రౌండ్ ఫ్లోరులో ఎక్కడైనా చూద్దాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. నా తూర్పు బాల్కనీ నేనెందుకు వదులుకోవాలి? వాళ్లే వాళ్ల చెప్పులస్టాండ్లు వదులుకోవాలి.

తర్వాత జరిగిన మీటింగులో శుభాశుభాల మాట ఎవరూ ఎత్తలేదు. శరణుజాగాలోంచి దేవుడి సామాను బయటికి వచ్చింది, జాలీ ఊడింది, తాళం పోయింది. తీగల గూళ్లు శుభ్రమయ్యాయి, కంతలు పూడ్చారు. రెండో మెట్లదారి తలుపుకు, లోపలినుంచి నెడితే చాలు తెరుచుకునే గడియ పెట్టారు. పూజ ఉంటే ఆ ఒక్క అంతస్తులోని యంత్రాన్నే, అదీ హోమం జరిగినంతసేపే ఆపాలనీ, అంతసేపూ మనిషి ఒకడు అక్కడ కాపలా నిలబడాలనీ, పూర్ణాహుతి కాగానే మళ్లీ పనిచేయించాలనీ తీర్మానించారు. ఒక్క విషయం దగ్గర మాత్రం గొడవైంది. మెట్లమీద బెల్టుచక్రాలతో జారుతూ దిగే కుర్చీ ఒకటి కొనాలన్నాను.

"ఒక్కరికోసం కొనడమంటే ఎలా మేడమ్, అందరూ ఒప్పుకోవాలి కదండీ," అన్నాడు అధ్యక్షుడు.

"ఒక్కరికోసమా? మన భవనంలోనే నిండు నెలల్లో ఉన్న అమ్మాయి దిగుతుందా? గుండె ఆపరేషన్ చేయించుకొచ్చిన ఆయన దిగుతాడా? నువ్వు రోజూ బ్యాడ్మింటన్ ఆడతావే, రేపు నీ కాలు బెణికితే నువ్వు దిగుతావా? అప్పుడు నా కుర్చీ అడగొద్దు మరి!"

జనం నవ్వారు. కుర్చీ వచ్చింది. దాన్ని మా అంతస్తులోనే గోడకు తగిలించారు. నన్ను దింపే బాధ్యత ఎదురింటావిడ తనకు తానే తీసుకుంది. ఎడమవైపు ఫ్లాటులో ఉన్న సాఫ్ట్‌వేర్ దంపతులు తోడయ్యారు. నేర్పించడానికి వచ్చినాయన దగ్గర ముగ్గురూ కుర్చీ విప్పడం, బిగించడం, మలుపులో తిప్పడం నేర్చుకున్నారు. ఎదురింటావిడ పొత్రాన్ని ఇంట్లోకి తీసుకెళ్లి కడిగి పసుపు రాసింది. మెట్లదారి తలుపు ఇప్పుడు దబీమని మూసుకుంటుంది. ఆ చప్పుడుకు మా ఆయన నిద్రలో ఉలిక్కిపడతారు. నాకు మాత్రం హాయిగా నిద్ర పడుతుంది.

ఒక ఆదివారం పొద్దున మొదటిసారి రిహార్సలు పెట్టారు. హారను మోగింది. ఈసారి నిజంగా, చెవులు చిల్లులు పడేలా మోగింది. ముగ్గురూ వచ్చి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పట్టీలు బిగించారు. మొదటి మెట్టు మీద కుర్చీ ముందుకు వాలినప్పుడు నాకు ప్రాణం పోయినంత పనైంది. ఎదురింటావిడ వెనకనుంచి నా భుజం పట్టుకుని, "భయపడొద్దక్కా, నేనుండా," అంటూనే ఉంది. మెట్లు ఖాళీగా ఉన్నాయి. ఒక్క చెప్పులజత కూడా లేదు. పుట్టి ఇన్నేళ్లకు మొదటిసారి, ఎవరూ మోయకుండా, నేను పన్నెండు అంతస్తులు మెట్లమీదుగా దిగాను. దిగాక నా కళ్లలో నీళ్లు వచ్చాయి. ఎదురింటావిడ చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు పట్టుకోలేకపోయిన చెయ్యే.

బ్యాడ్మింటన్ కోర్టు దగ్గర అంతస్తులవారీగా నిలబడ్డాం. ఒక్కో అంతస్తువాళ్లు తమవాళ్లు వచ్చారని చెప్పారు. అధ్యక్షుడు ముఖం వెలిగిపోతూ మైకు తీసుకున్నాడు. "కంగ్రాట్స్ అండీ! ఈసారి నిజంగా అందరూ దిగేశారు!"

నేను తలెత్తి భవనాన్ని చూశాను. ఆ రోజునుంచి నాకు అలవాటైపోయింది, ఎవరైనా అందరూ అంటే తలెత్తి చూడటం. మూడో అంతస్తు బాల్కనీలో ఒకావిడ బట్టలు ఆరేస్తోంది. ఆ ఇంట్లో పనిచేసే ఆవిడ. కదిరి వైపు నుంచి కూలికి వచ్చిన కుటుంబం. ఆరేస్తూ ఆరేస్తూ మమ్మల్ని తమాషా చూస్తోంది. పక్క ఫ్లాటులో వంటగది కిటికీలోంచి ఇంకో తల. నాలుగో అంతస్తులో ఇంకొకరు.

"ఆ మైకు ఇటివ్వు," అన్నాను అధ్యక్షుడితో. ఇచ్చాడు.

"ఏమ్మా, హారను వినపడలేదా? నువ్వెందుకు దిగలేదు?"

ఆమె దండెం వదిలి కమ్మీ దగ్గరకు వచ్చి కేకేసి చెప్పింది. "మాకు కాదంటమ్మా ఇది! ఇండ్లోళ్లకే అంట! మమ్మల్ని పని కానీమన్యారు!"

"పనివాళ్లు మన రెసిడెంట్స్ కాదు కదా మేడమ్, అందుకని..." అన్నాడు అధ్యక్షుడు మెల్లగా.

మైకు నా చేతిలోనే ఉంది. "అందరూ దిగలేదు," అన్నాను అందులో. "ఆమెను పిలవండి, వాళ్లందరికీ చెప్పండి. నన్ను లిఫ్టులో పైకి తీసుకుపోండి. హారను మళ్లీ కొట్టండి."

ఎండెక్కుతోందనీ, టిఫిన్లు చల్లారిపోతున్నాయనీ ఎవరో సణిగారు. ఎదురింటావిడ అప్పటికే నా కుర్చీని లిఫ్టువైపు తిప్పేసింది.